రిపోర్ట్ కొట్టాక ఏం జరుగుతుంది

పటాన్‌చెరులో ఉంటూ పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం ఫ్యాక్టరీలకు మనుషుల్ని పంపే లేబర్ కాంట్రాక్టర్ ఒకరున్నారనుకుందాం. హెల్పర్లు కావాలన్నా ప్యాకింగ్‌కు మనుషులు కావాలన్నా ఆయన తన ఫేస్‌బుక్‌లో పెడతాడు. నారాయణఖేడ్ నుంచి, జహీరాబాద్ నుంచి, ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చినవాళ్లు అది చూసి ఫోన్ చేస్తారు. ఒకరోజు పొద్దున్నే మేనల్లుడు ఫోన్ చేసి, "మామా, గేట్ పాస్‌కని, మెడికల్‌కని రెండు వేలు కొట్టమని మెసేజ్ పెడుతున్నవా?" అని అడుగుతాడు. ఆయన ఎవరినీ అడగలేదు. ఆయన ఫొటోతో, ఆయన పేరుతో, ఆయన పాత పోస్టులనే తెచ్చి అతికించి ఎవరో ఇంకో ప్రొఫైల్ తెరిచారు.

ఇలాంటిది ఈ బెల్టులో ఎవరికైనా జరగవచ్చు. పోలీసులనే వదల్లేదు. 2020లో అప్పటి నల్గొండ ఎస్పీ ఏవీ రంగనాథ్ పేరుతోనే నకిలీ ఫేస్‌బుక్ ఖాతా తెరిచి ఆయన పరిచయస్తులను డబ్బులు అడిగారు. నల్గొండ పోలీసులు ఆ దారి పట్టుకుని రాజస్థాన్‌లోని భరత్‌పూర్ ప్రాంతపు ముఠాను అరెస్టు చేశారు. నకిలీ ప్రొఫైల్‌ను తీసేయించడం ఒక పని, దాని వెనకున్న మనిషిని పట్టుకోవడం మరో పని. ఈ రెండు పనుల దారులు వేరు. మొదటిదాన్ని తొందరపడి చేస్తే రెండోదానికి కావలసిన ఆధారం మనమే చెరిపేసుకున్నవాళ్లమవుతాం. ఈ అధ్యాయంలో ఎక్కువగా మొదటి పని గురించే చెబుతాను. అయితే మొదలుపెట్టే ముందు రెండోదాని కోసం ఐదు నిమిషాలు కేటాయించాలి.

ముందు లింకు, తర్వాత రిపోర్ట్

మన కాంట్రాక్టర్‌కు మొదటి ఇబ్బంది ఏమిటంటే, ఆ నకిలీ ప్రొఫైల్ ఆయనకు కనబడదు. మోసగాడు ముందే ఆయన్ని బ్లాక్ చేసి పెడతాడు. అందుకే ఎంత వెతికినా దొరకదు, మేనల్లుడి ఫోన్‌లో మాత్రం దొరుకుతుంది. కాబట్టి మేనల్లుడి ఫోన్‌లోనే ఆ ప్రొఫైల్ తెరిచి, మూడు చుక్కల మీద నొక్కి, దాని లింకు కాపీ చేయించుకోవాలి. లింకులో `profile.php?id=` అని ఉండి తర్వాత పొడుగాటి అంకె ఉంటే మంచిదే. ప్రొఫైల్ పేరు, ఫొటో రోజుకోసారి మార్చినా ఆ అంకె మారదు. తర్వాత స్క్రీన్‌షాట్లు తీయాలి: ప్రొఫైల్ పైభాగం, డబ్బులడిగిన సంభాషణ మొత్తం, వాడు పంపిన ఫోన్ నంబరు, యూపీఐ ఐడీ లేదా క్యూఆర్ కోడ్. వాటిలో తేదీ, సమయం కనిపించాలి.

ఈ పని రిపోర్ట్ కంటే ముందే ఎందుకంటే, ప్రొఫైల్ పోయిన తర్వాత ఆ పేజీ మనకు మళ్లీ తెరుచుకోదు. అయితే కంపెనీ దగ్గర సమాచారం వెంటనే చెరిగిపోదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం తీసేసిన సమాచారాన్నీ దానికి సంబంధించిన రికార్డులనూ దర్యాప్తు కోసం 180 రోజులు దాచాలి. పోలీసులు ఆ లోపు అడగాలి, అడగాలంటే ఏ ఖాతా గురించి అడుగుతున్నారో చెప్పాలి. ఆ లింకు లేకపోతే అడగడానికి ఏమీ ఉండదు.

ఎవరైనా ఇప్పటికే డబ్బు పంపి ఉంటే రిపోర్ట్ బటన్ సంగతి కాసేపు పక్కన పెట్టి ముందు 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పోకముందే ఆపగలిగితేనే ఫలితం ఉంటుంది, అక్కడ ప్రతి గంటా లెక్కే. cybercrime.gov.inలో కూడా ఫిర్యాదు రాయవచ్చు. కంప్యూటర్, ఫోన్‌ల ద్వారా మరొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటుంది. డబ్బు పోగొట్టుకున్న కార్మికుడు తానే ఫిర్యాదు చేయాలి, కాంట్రాక్టర్ తన పేరు వాడుకున్నందుకు వేరేగా చేయాలి. సాధారణంగా ఒకరు చేస్తే రెండోవారు ఊరుకుంటారు, అక్కడే కేసు బలహీనపడుతుంది.

అందరూ కలిసి కొడితే పోతుందా?

లింకు చేతికి రాగానే మన కాంట్రాక్టర్ చేసే పని దాదాపు ఖాయంగా ఒకటే. వాట్సాప్ గ్రూపుల్లో, "నా పేరుతో ఫేక్ ఐడీ వచ్చింది, అందరూ రిపోర్ట్ కొట్టండి" అని పెడతాడు. గ్రూపులో ఉన్న వాళ్లలో సగం మంది ఫేస్‌బుక్‌లో ఆయన పేరు టైపు చేస్తారు. మొదట వచ్చేది అసలు ప్రొఫైలే. దాన్నే నకిలీ అని రిపోర్ట్ కొడతారు. సాయంత్రానికి నకిలీది అలాగే ఉండి, అసలుది లాక్ అయితే ఆయనకు ఏం చేయాలో తోచదు. కాబట్టి గ్రూపులో మెసేజ్ పెట్టాల్సి వస్తే పేరు కాదు, లింకు పెట్టాలి. "ఈ లింకు మాత్రమే నకిలీ, నా పేరు వెతకకండి" అని రాయాలి.

అసలు అంతమంది అక్కర్లేదు కూడా. ఒక పోస్టును ఎంతమంది రిపోర్ట్ చేశారన్న దాన్ని బట్టి తీసేయడం జరగదని ఫేస్‌బుక్ తన సహాయ పేజీల్లో స్పష్టంగా చెబుతుంది. అది తమ నియమాన్ని దాటిందా లేదా అన్నదే చూస్తామంటుంది. వంద మంది తప్పుడు కారణం ఎంచుకుని కొట్టిన రిపోర్టుల కంటే బాధితుడు సరైన కారణంతో కొట్టిన ఒక్కటి మేలు. ఇన్‌స్టాగ్రామ్‌లోనైతే మరొకరిలా నటిస్తున్నారన్న ఫిర్యాదును ఆ మనిషి నుంచి గానీ ఆయన తరఫున చట్టబద్ధంగా మాట్లాడగల వ్యక్తి నుంచి గానీ వస్తేనే పట్టించుకుంటారు. దారిన పోయేవాళ్లు ఎంతమంది చెప్పినా లెక్కలోకి రాదు.

ఇక సరైన కారణం ఎంచుకోవడం. `Report profile` నొక్కాక స్పామ్, వేధింపు, మోసం, నకిలీ ప్రొఫైల్ అంటూ వరుసగా వస్తాయి. మెనూలో మాటలు అప్పుడప్పుడూ మారుతుంటాయి గానీ వెతకవలసింది ఒకటే: ఈ ప్రొఫైల్ నాలా నటిస్తోంది అన్న దారి. చాలామంది కోపంలో వేధింపు అని నొక్కుతారు. అప్పుడు ఆ రిపోర్టు వేధింపు నియమం కింద పరీక్షకు వెళ్తుంది. ఆ ప్రొఫైల్‌లో తిట్లేమీ ఉండవు, కాంట్రాక్టర్ పెట్టిన పాత ఫొటోలే ఉంటాయి. నియమం దాటలేదని జవాబు వస్తుంది. చూసినవాళ్లు అబద్ధం చెప్పలేదు, మనం అడిగిన ప్రశ్నే వేరు. బ్లాక్ అయి ఉండి ప్రొఫైల్ కనబడని వారికి, ఖాతాయే లేనివారికి సహాయ కేంద్రంలో వేరే ఫారం ఉంది. అందులో గుర్తింపు కార్డు ఫొటో అడుగుతారు. ఆధార్ పెడితే నంబరును కప్పేసి పెట్టవచ్చు. పేరు, ఫొటో కనబడితే చాలు.

ఒక్క కారణాన్ని మాత్రం సరదాకు ఎంచుకోవద్దు. అది కాపీరైట్. మామూలు రిపోర్ట్ ఎవరు చేశారో అవతలివారికి చెప్పరు. కాపీరైట్ ఫిర్యాదులో మాత్రం మన పేరు, ఇచ్చిన ఈమెయిల్ అవతలివారికి చేరవచ్చు. మోసగాడి చేతికి మన వివరాలు మనమే ఇచ్చినట్టవుతుంది.

అవతల ఏం జరుగుతుంది

బటన్ నొక్కగానే ఎవరో ఒక మనిషి కూర్చుని చదువుతాడనుకుంటాం. రిపోర్టు ముందు యంత్రం దగ్గరికి వెళ్తుంది. స్పష్టంగా తప్పయితే అక్కడే తీసేస్తుంది, తప్పు లేదని స్పష్టమైతే అక్కడే మూసేస్తుంది, సందేహం ఉంటే మనుషుల వరుసలో పెడుతుంది. ఆ వరుస వచ్చిన క్రమంలో నడవదు. ఎంత ప్రమాదకరం, ఎంత వేగంగా పాకుతోంది, నియమం దాటి ఉండే అవకాశం ఎంత అన్న లెక్కల్లో ముందూ వెనకా అవుతుంది. పటాన్‌చెరులో నలభై మంది స్నేహితులున్న ఒక నకిలీ ప్రొఫైల్ ఆ లెక్కలో ఎక్కడ పడుతుందో ఊహించుకోవచ్చు.

ఆ వరుసలో పడి ఎవరూ చూడకుండానే మూతపడేవీ ఉంటాయి. ఇది అనుమానం కాదు, రికార్డులోకి ఎక్కిన విషయం. భారత్‌కు చెందిన ఒక ప్రముఖురాలిని పోలిన నగ్నచిత్రాన్ని కృత్రిమ మేధతో తయారుచేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. చూసిన ఒకరు రిపోర్ట్ చేశారు. 48 గంటల్లో ఎవరూ చూడలేదు కాబట్టి ఆ రిపోర్ట్ దానంతటదే మూతపడింది. ఆ మనిషి వదల్లేదు, అప్పీలు చేశారు. అదీ అలాగే మూతపడింది. ఆయనో ఆమెనో అక్కడితో ఆగి ఉంటే ఆ బొమ్మ అలాగే ఉండేది. మెటా నిర్ణయాలను సమీక్షించే ఓవర్‌సైట్ బోర్డుకు వెళ్లారు. బోర్డు ఆ కేసు తీసుకున్నాకే తమది పొరపాటని మెటా ఒప్పుకుని బొమ్మను తీసేసింది. 2024 జులైలో బోర్డు నిర్ణయం చెబుతూ ఈ ఆటోమేటిక్ మూసివేతను ప్రశ్నించింది.

నా దృష్టిలో ఈ అధ్యాయంలో అన్నిటికంటే గుర్తుంచుకోవలసిన కేసు ఇదే. మీ రిపోర్టుకు తిరస్కారం వస్తే ఎవరో చదివి మీది తప్పన్నారని అనుకోకండి. ఎవరూ చదవకపోయి ఉండవచ్చు. మెనూలో సహాయం కింద మీరు చేసిన రిపోర్టులన్నీ ఒకచోట కనబడతాయి. అక్కడికి వెళ్లి, మళ్లీ పరిశీలించమనే దారి ఉంటే దాన్ని నొక్కాలి. ఆ జవాబును స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి.

చట్టం ఇచ్చిన తలుపు

యాప్‌లోని బటన్ కంపెనీ పెట్టుకున్న ఏర్పాటు. దానికి తోడు భారత చట్టం పెట్టించిన తలుపు ఇంకోటి ఉంది. దాన్ని వాడేవాళ్లు చాలా తక్కువ. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం ప్రతి వేదికకూ గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి, 50 లక్షలకు మించి వాడకందార్లున్న పెద్ద వేదికలకైతే ఆ అధికారి భారత్‌లోనే ఉండాలి. ఆ అధికారి పేరు, ఫిర్యాదు పంపే విధానం వేదిక వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి. పరిష్కారానికి మొదట 15 రోజులు గడువిచ్చారు, 2026 ఫిబ్రవరి సవరణతో దాన్ని 7 రోజులకు కుదించారు.

మన కాంట్రాక్టర్‌కు పనికొచ్చే నియమం ఇంకా పదునైనది. నగ్న చిత్రాలు, మార్ఫింగ్ చేసిన బొమ్మలు, మరొకరిలా నటించడం, వీటి మీద బాధితుడు గానీ ఆయన తరఫున ఇంకొకరు గానీ ఫిర్యాదు చేస్తే 2021 నిబంధనల్లో 24 గంటల గడువుండేది. ఇప్పుడది 2 గంటలు. అంటే నకిలీ ప్రొఫైల్ ఫిర్యాదుకు చట్టంలో అన్నిటికంటే వేగమైన దారి ఉంది. అయితే ఆ గడువు దాటిందని రేపు నిరూపించాలంటే ఫిర్యాదు ఎప్పుడు పంపామో కాగితం మీద ఉండాలి. బటన్ నొక్కిన సమయం మన దగ్గర ఉండదు. గ్రీవెన్స్ ఆఫీసర్‌కు పంపిన ఫిర్యాదుకు తేదీ, సమయం, నంబరు ఉంటాయి.

అందులో రాయవలసింది పది లైన్లు దాటక్కర్లేదు. నకిలీ లింకు ఒక లైను, నా అసలు లింకు ఒక లైను. ఈ ప్రొఫైల్ నా ఫొటో, పేరు వాడి నాలా నటిస్తోంది, ఫలానా తేదీన ఫలానా వారిని డబ్బులు అడిగింది, ఇది ఐటీ నిబంధనల 3(2)(బి) కింద ఫిర్యాదు అని రాసి, స్క్రీన్‌షాట్లు, గుర్తింపు కార్డు జత చేస్తే చాలు. మోసగాడు ఎలాంటివాడు, మనకెంత పరువు పోయింది అన్న కథ అక్కర్లేదు, అది పోలీసు ఫిర్యాదులో రాయవచ్చు.

ఆ అధికారి కాదన్నా, గడువులోపు జవాబివ్వకపోయినా పైన ఇంకో మెట్టు ఉంది. 2022 అక్టోబరు సవరణతో గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీలు వచ్చాయి, 2023 మార్చి నుంచి మూడు కమిటీలు పనిచేస్తున్నాయి. ఒక్కోదానిలో ముగ్గురు సభ్యులు. అంతా ఆన్‌లైన్‌లోనే, gac.gov.inలో. సంగారెడ్డి కలెక్టరేట్ చుట్టూ, ఢిల్లీ చుట్టూ తిరగనక్కర్లేదు. గ్రీవెన్స్ ఆఫీసర్ జవాబు అందిన 30 రోజుల్లో అప్పీలు వేయాలి, కమిటీ 30 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. రిపోర్ట్ చేసి ఓడినవారూ, పోస్టు పోగొట్టుకున్నవారూ ఇద్దరూ ఇక్కడికి రావచ్చు. గ్రీవెన్స్ ఆఫీసర్ మెట్టు ఎక్కకుండా నేరుగా ఇక్కడికి వస్తే మాత్రం లాభం లేదు.

మన ఖాతాయే పోతే

గ్రూపులోని వాళ్లు పొరపాటున అసలు ప్రొఫైల్‌నే కొట్టారనుకున్నాం కదా. మన కాంట్రాక్టర్ ఫోన్ తెరిస్తే ఖాతా నిలిపేశామన్న తెర వస్తుంది. దాని మీద అప్పీలు దారి, గడువు రాసి ఉంటాయి. ఫేస్‌బుక్‌లో అది సాధారణంగా 180 రోజులు. ఆ గడువు దాటితే ఖాతా శాశ్వతంగా పోతుంది.

ఇక్కడ మనవాళ్లకు ఎదురయ్యే చిక్కు పేరు. ప్రొఫైల్‌లో ముద్దుపేరో ఊరిపేరో సంస్థ పేరో ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరుతో సహా ఇంకోటి ఉంటుంది. కార్డు పంపితే రెండూ కలవవు, అసలు మనిషే నకిలీగా తేలుతాడు. ఖాతా బాగున్నప్పుడే పేరు సరిచేసుకోవడం ఒక్కటే దీనికి మందు. కలవకపోతే పాన్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సులలో ప్రొఫైల్ పేరుకు దగ్గరగా ఉన్నది పంపాలి. ముఖం వీడియో అడిగితే నల్ల కళ్లద్దాలు, టోపీ లేకుండా వెలుతురులో తీయాలి. ఈ దశలో డబ్బులిస్తే ఖాతా తిరిగి తెప్పిస్తామని వచ్చేవాళ్లెవరినీ నమ్మవద్దు. అప్పీలుకు ఏ వేదికా రుసుము తీసుకోదు.

ఖాతా కాక ఒక పోస్టే పోయిందనుకుంటే పద్ధతి వేరు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 50 మందికి పైగా కార్మికులు చనిపోయారు. అలాంటి రోజున తమవాళ్లు ఎక్కడున్నారో తెలియక, జరిగింది లోకానికి చెప్పాలని జనం వీడియోలు పెడతారు. కాలిన శరీరాలు, తీవ్ర గాయాలు కనబడితే హింసాత్మక దృశ్యాల నియమం కింద అవి తొలగిపోవచ్చు, లేదా వాటి ముందు హెచ్చరిక తెర రావచ్చు. ఆ నియమంలో సందర్భానికి విలువ ఉంది. కానీ యంత్రానికి సందర్భం కనబడేది మనం రాసిన మాటల్లోనే. మాటలేమీ లేకుండా వీడియో మాత్రమే పెడితే అప్పీలులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు పెడుతున్నామో రెండు వాక్యాలు రాసి ఉంటే అప్పీలులో వాటినే చూపించవచ్చు. పెద్ద వేదిక తనంతట తాను ఇలాంటి పోస్టు తీసేస్తే కారణం చెప్పాలి, వాదించే అవకాశం ఇవ్వాలి అని అవే ఐటీ నిబంధనలు చెబుతున్నాయి. కారణం చెప్పకపోతే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాసే ఫిర్యాదులో మొదటి లైను అదే కావాలి.

మళ్లీ అదే వీడియో ఎక్కించడం మాత్రం చేయకూడదు. ఒక తప్పుగా లెక్కపడినది రెండవుతుంది, ఖాతా మీద ఆంక్షలు పెరుగుతాయి, అప్పీలు గెలిచే లోపు ఖాతాయే పోవచ్చు.

మెటా చివరి మాట కూడా కాదనే అయితే ఓవర్‌సైట్ బోర్డుకు వెళ్లడానికి 15 రోజులుంటాయి. మెటా ఇచ్చిన రిఫరెన్స్ నంబరు కావాలి. బోర్డు తీసుకునేది వచ్చినవాటిలో అతి కొద్ది. అయినా ఆ కొద్దిలో భారత్ కేసులున్నాయి. 2021 ఏప్రిల్‌లో ఒక పంజాబీ వీడియో విషయంలో, వాడకందారు చేసుకున్న అప్పీలును సిబ్బంది కొరతతో అసలు చూడలేదని బయటపడింది. బోర్డు ఎంచుకున్నాక మెటా ఆ పోస్టును తిరిగి పెట్టింది.

ఈ మెట్లేవీ పనిచేయని సందర్భం ఒకటుంది. పోస్టును కంపెనీ కాక కోర్టు ఉత్తర్వుతోనో ప్రభుత్వ ఆదేశంతోనో తీసినప్పుడు, భారత్‌లో చట్టపరమైన కారణంతో కనబడదన్న నోట్ వస్తుంది. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం అలాంటి ఆదేశం వచ్చాక కంపెనీ తీయక తప్పదు. 2026 ఫిబ్రవరి నుంచి దానికున్న గడువు 3 గంటలే. అప్పుడు యాప్‌లో అప్పీలు నొక్కుతూ రోజులు పోగొట్టుకోకుండా ఆ నోట్‌ను స్క్రీన్‌షాట్ తీసుకుని వకీలు దగ్గరికి వెళ్లాలి. అడగవలసింది కంపెనీని కాదు, ఆదేశం ఇచ్చినవారిని, అదీ హైకోర్టు ద్వారా.